ఏడు యూనిట్ల చోట ఆరు: ఒక రైస్ మిల్లు అనుభవాన్ని చిన్న ఈమెయిల్‌లో ఇమిడ్చిన తీరు

హనుమకొండలో ఒక చిన్న సంస్థ ఉంది. మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే కెపాసిటర్ ప్యానెళ్లు తయారుచేసి బిగించడం దాని పని. యజమాని అనుభవమున్న ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఇప్పటివరకు ఆయనకు పనులన్నీ నోటిమాట మీదే వచ్చాయి. ఒక మిల్లువారు చెబితే పక్క మిల్లువారు పిలిచేవారు. ఇప్పుడు ఆయన పరిచయం లేని మిల్లు యజమానులకు ఈమెయిల్ రాయాలనుకున్నారు. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల జిల్లాల్లో రైస్ మిల్లులకు కొదవ లేదు. చూపించుకోవడానికి ఆయన దగ్గర ఒక మంచి పని కూడా ఉంది. ఆ పని గురించి ఫొటోలతో, పట్టికలతో, వైరింగ్ బొమ్మతో రెండు పేజీల కేస్ స్టడీ ముందే తయారైంది. దాన్ని ఈమెయిల్‌లో ఎలా వాడాలన్నదే నా ముందుకు వచ్చిన ప్రశ్న. చిన్న పరిశ్రమల తరఫున ఇలాంటి ఉత్తరాలు రాయడం నా వృత్తి.

ముందుగా ఆ మిల్లులో జరిగింది చెప్పాలి. అది తెలియకపోతే ఏది ఉంచామో, ఏది తీసేశామో అర్థం కాదు.

అది రెండు షిఫ్టులు నడిచే బాయిల్డ్ రైస్ మిల్లు. హెచ్‌టీ కనెక్షన్, అంటే 11 కిలోవోల్టుల లైను నుంచి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా కరెంటు తీసుకుంటుంది. మన రాష్ట్రంలో హెచ్‌టీ వినియోగదారుడికి యూనిట్లను కేవీఏహెచ్‌లో లెక్కిస్తారు. మోటారు నిజంగా చేసిన పనికి ఖర్చయిన విద్యుత్తు కేడబ్ల్యూహెచ్. ఆ మోటారు అయస్కాంత క్షేత్రం నిలబెట్టుకోవడానికి అదనంగా లాగే కరెంటును కూడా కలుపుకొన్న లెక్క కేవీఏహెచ్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది ఆ నెల సగటు పవర్ ఫ్యాక్టర్. అది ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఎలివేటర్లు, షెల్లర్లు, పాలిషర్లకు పెట్టిన మోటార్లు చాలాసార్లు అవసరానికి మించిన సామర్థ్యంతో ఉంటాయి. ధాన్యం పలచగా వచ్చినప్పుడు అవి సగం బరువుతో తిరుగుతాయి. అలా తేలికగా తిరిగే మోటారు పవర్ ఫ్యాక్టర్‌ను కిందికి లాగుతుంది.

ఈ మిల్లులో అది 0.84 ఉండేది. పాత కెపాసిటర్లు కొన్ని ఉన్నా చాలావరకు పనిచేయడం లేదు. మోటార్లు లాగే ఆ అదనపు కరెంటును అక్కడికక్కడే అందించడమే కెపాసిటర్ల పని. ఇంజనీరు గారు 100 కేవీఏఆర్ సామర్థ్యమున్న ఆటోమేటిక్ ప్యానెల్ బిగించారు. లోడు పెరిగితే ఎక్కువ కెపాసిటర్లు, తగ్గితే తక్కువ కెపాసిటర్లు వాటంతట అవే లైనులోకి వచ్చే ఏర్పాటు అది. తర్వాత వరుసగా మూడు బిల్లుల్లో పవర్ ఫ్యాక్టర్ 0.98 వచ్చింది. నెలకు 60,000 కేడబ్ల్యూహెచ్ వాడే నెలను తీసుకుంటే, 0.84 దగ్గర 71,400 పైచిలుకు కేవీఏహెచ్ పడాలి. 0.98 దగ్గర 61,200 పడతాయి. అంటే ఒక్క నెలలో దాదాపు 10,200 యూనిట్లు మిగిలాయి.

ఇంత మంచి పనికి ఆయన రాసుకున్న తొలి ఈమెయిల్ ఇలా ఉండేది:

«గౌరవనీయులైన మిల్లు యజమాని గారికి నమస్కారములు. విద్యుత్ నాణ్యత రంగంలో మా సంస్థ ఎన్నో ఏళ్లుగా విశేష సేవలు అందిస్తోంది. ఇటీవల ఒక ప్రముఖ బాయిల్డ్ రైస్ మిల్లులో 100 కేవీఏఆర్ సామర్థ్యం గల, ఎనిమిది దశల ఆటోమేటిక్ పవర్ ఫ్యాక్టర్ కంట్రోల్ ప్యానెల్‌ను, 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లతో, హెవీ డ్యూటీ కెపాసిటర్లతో, మైక్రోప్రాసెసర్ రిలేతో, కెపాసిటర్ డ్యూటీ కాంటాక్టర్లతో అమర్చాము. హార్మోనిక్స్ విశ్లేషణ చేసి, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ స్థానాన్ని మార్చి, ఫేజుల వారీగా లోడును సమతుల్యం చేశాము. ఫలితంగా మిల్లు విద్యుత్ బిల్లు 40 శాతం తగ్గింది...»

ఇది ఇంకో మూడు పేరాలు సాగుతుంది. చివర రెండు పేజీల కేస్ స్టడీ, ధరల పట్టిక, కంపెనీ బ్రోచర్ జతగా ఉన్నాయి.

నన్ను మొదట ఆపింది పొడవు కాదు, ఆ 40 శాతం. పవర్ ఫ్యాక్టర్ 0.84 నుంచి 0.98కి వెళ్తే యూనిట్లు 14 శాతానికి కాస్త పైన తగ్గుతాయి. అంతకు మించి తగ్గే మార్గం లేదు. మరి 40 ఎక్కడి నుంచి వచ్చింది? బిల్లులు తెప్పించి చూశాం. ‘ముందు’ అని చూపిన బిల్లు ధాన్యం పోటెత్తిన డిసెంబరుది. ‘తర్వాత’ అని చూపినది మిల్లు ఒకే షిఫ్టు నడిచిన నెలది. ధాన్యం తక్కువ ఆడినందువల్ల తగ్గిన బిల్లు కూడా ప్యానెల్ ఖాతాలో పడింది. ఇందులో మోసం ఏమీ లేదు. సంతోషంగా ఉన్న మిల్లు యజమాని ఫోనులో చెప్పిన మాటను గుమాస్తా అలాగే రాసుకున్నాడు. కానీ ఈ ఉత్తరం చదివే మరో మిల్లు యజమానికి ప్రతి నెల బిల్లూ కంఠతా ఉంటుంది. సీజన్‌లో ఎంత వస్తుందో, సీజన్ కాని నెలలో ఎంత వస్తుందో అతడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 40 శాతం అనగానే ‘వీళ్లకు మిల్లు సంగతి తెలియదు’ అనుకుంటాడు. ఆ తర్వాత రాసిన నిజాలు కూడా అతడికి అబద్ధాలుగానే కనిపిస్తాయి.

చిన్న కేస్ స్టడీలో ఒకే అంకె ఉంటుంది కాబట్టి ఆ అంకె భారమంతా మోయాలి. పెద్ద నివేదికలో అంకె కాస్త వంకరగా ఉన్నా చుట్టూ ఉన్న వివరణ ఆదుకుంటుంది. ఈమెయిల్‌లో ఆ అవకాశం లేదు. అందుకే కుదించడానికి ముందు లెక్క సరిచేసుకున్నాం. ‘తర్వాత’ నెలల్లో మీటరు నమోదు చేసిన కేడబ్ల్యూహెచ్‌ను తీసుకున్నాం. పవర్ ఫ్యాక్టర్ పాతదే అయి ఉంటే అదే పనికి ఎన్ని కేవీఏహెచ్ పడేవో లెక్కవేశాం. ఆ సంఖ్యకూ నిజంగా పడిన సంఖ్యకూ ఉన్న తేడానే ప్యానెల్ వల్ల వచ్చిన ఆదా. ధాన్యం ఎక్కువ ఆడారా, తక్కువ ఆడారా అన్న ప్రశ్న ఇక్కడ రాదు.

అలా లెక్కవేస్తుండగా ఒక అందమైన సంగతి బయటపడింది. 0.84ను 0.98తో భాగిస్తే సరిగ్గా ఏడింట ఆరు వస్తుంది. అంటే ముందు ఏడు యూనిట్లు పడిన పనికి ఇప్పుడు ఆరు పడుతున్నాయి. 14.3 శాతం అంటే చదివినవాడు ఒక క్షణం ఆగి ఊహించుకోవాలి. ఏడుకు ఆరు అంటే ఆగనక్కర్లేదు. పైగా ఆ మాట మిల్లులో ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా చేరుతుంది. యజమాని తన అకౌంటెంట్‌ను పిలిచి ‘ఏడు యూనిట్ల చోట ఆరు పడుతున్నాయట, నిజమేనా చూడు’ అనగలడు. శాతాలు, కేవీఏఆర్‌లు అలా నోట చెప్పుకోవడానికి పనికిరావు.

తర్వాతి పని తీసివేత. ఇక్కడ ఇంజనీరు గారితో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. ఆయన పట్టుదలకు గట్టి కారణం ఉంది.

‘‘రియాక్టర్ల గురించి రాయకపోతే మా ప్యానెల్‌కూ చవకగా చేసేవాళ్ల ప్యానెల్‌కూ తేడా ఎలా తెలుస్తుందండీ?’’ అని అడిగారు. ‘‘డ్రయ్యర్ బ్లోయర్లకు ఇప్పుడు చాలా మిల్లుల్లో డ్రైవులు పెట్టారు. అవి హార్మోనిక్స్ పుట్టిస్తాయి. రియాక్టర్ లేని కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బిపోతాయి. నేను స్వయంగా చూశాను.’’

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు లైనులోకి ఎక్కువ పౌనఃపున్యం ఉన్న కరెంటును వదులుతాయి. కెపాసిటర్ దాన్ని తనవైపు లాక్కుంటుంది. దాన్ని అడ్డుకునే తీగచుట్ట, అంటే రియాక్టర్, ముందు లేకపోతే కెపాసిటర్ ఆయుష్షు తగ్గుతుంది. కొన్నిసార్లు అది పగులుతుంది కూడా. ‘‘సార్, ఈ ఉత్తరం చదివేటప్పుడు ఆయన రెండు ప్యానెళ్లను పోల్చుతున్నాడా, లేక అసలు ప్యానెల్ కావాలా అని ఆలోచిస్తున్నాడా?’’ అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘‘కావాలా అని కూడా ఇంకా ఆలోచించడం లేదు. తన పవర్ ఫ్యాక్టర్ తక్కువ ఉందనే ఆయనకు తెలిసి ఉండదు’’ అన్నారు.

ఆ జవాబుతోనే ఉత్తరంలో ఏముండాలో తేలిపోయింది. తన పవర్ ఫ్యాక్టర్ ఎంతో కూడా చూసుకోని మనిషికి రియాక్టర్ విలువ చెప్పడం అంటే జ్వరం ఉందని తెలియనివాడి ముందు రెండు మాత్రల తేడా వివరించడమే. రియాక్టర్ సంగతి వదిలేయలేదు. ధరల దగ్గర పోలిక మొదలైనప్పుడు చెప్పాల్సిన మాటగా పక్కన పెట్టాం. ఎనిమిది దశలు, కాంటాక్టర్లు, రిలే, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ స్థానం అన్నింటినీ అదే విధంగా విడదీశాం. ప్రతి వివరానికీ ఒక్కటే ప్రశ్న వేశాం: ఇది లేకపోతే చదివే మనిషి ‘ఇది నాలాంటి మిల్లే’ అనుకోవడం ఆగిపోతుందా, లేదా ‘ఈ మాట నమ్మవచ్చు’ అనుకోవడం ఆగిపోతుందా? రెండూ కాకపోతే ఆ వివరం మొదటి ఉత్తరంలో ఉండదు.

ఆ పరీక్షలో నిలిచినవి తక్కువే. బాయిల్డ్ మిల్లు, రెండు షిఫ్టులు, హెచ్‌టీ అన్నవి పోలికను గుర్తుపట్టడానికి కావాలి. 0.84, 0.98, మూడు నెలలు అన్నవి నమ్మకానికి కావాలి. ముఖ్యంగా ఆ మూడు నెలలు ఉండాలి. ఒక్క నెల బాగా రావడం ఎవరికైనా జరుగుతుంది. వరుసగా మూడు బిల్లులంటే ఏర్పాటు నిలబడిందని అర్థం. 100 కేవీఏఆర్ అన్న సంఖ్య పోయింది. మిల్లు లోడును బట్టి అది మారుతుంది కాబట్టి చదివే మనిషికి దానివల్ల ఏమీ తెలియదు. నెలకు 10,200 యూనిట్లు అన్నదాన్ని కూడా తీసేశాం. దానిమీద మేమిద్దరం మళ్లీ వాదించుకున్నాం. పెద్ద సంఖ్య ఆకట్టుకుంటుందన్నది ఆయన వాదన. కానీ నెలకు 25,000 యూనిట్లు వాడే చిన్న మిల్లు యజమాని దాన్ని చూసి ‘ఇది పెద్దవాళ్ల కథ’ అనుకుంటాడు. 2 లక్షల యూనిట్లు వాడేవాడికి అది చిన్నగా కనిపిస్తుంది. ఏడుకు ఆరు అన్నది ఇద్దరికీ తమ తమ బిల్లు మీద లెక్కవేసుకునేలా ఉంటుంది.

రూపాయల్లో చెప్పకపోవడానికి కారణం ఇంకా బలమైనది. హెచ్‌టీ బిల్లు అంతా యూనిట్ల ఖర్చే కాదు. డిమాండ్ చార్జీ వేరుగా ఉంటుంది. అది ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్ మీద గానీ, ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. పవర్ ఫ్యాక్టర్ మెరుగైతే నమోదయ్యే కేవీఏ డిమాండ్ తగ్గుతుంది. కానీ అది ఆ 80 శాతం కంటే కిందికి పోతే దానివల్ల రూపాయి కూడా మిగలదు. కాబట్టి ‘బిల్లు ఏడో వంతు తగ్గింది’ అంటే తప్పు. ‘యూనిట్లు ఏడో వంతు తగ్గాయి’ అంటేనే నిజం. ఇంత వివరణ ఉత్తరంలో పెట్టలేం. పెట్టకుండా నిజం చెప్పాలంటే యూనిట్ల దగ్గరే ఆగాలి.

చివరికి నిలిచిన ఉత్తరం ఇది:

«విషయం: రైస్ మిల్లు బిల్లు: ఏడు యూనిట్ల చోట ఆరు

నమస్కారం ... గారూ,

హనుమకొండలో మేము మిల్లులకు పవర్ ఫ్యాక్టర్ ప్యానెళ్లు బిగిస్తాం. మీది హెచ్‌టీ కనెక్షన్ ఉన్న మిల్లు అని తెలిసి రాస్తున్నాను.

మన ప్రాంతంలోనే రెండు షిఫ్టులు నడిచే ఒక బాయిల్డ్ మిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.84 ఉండేది. ప్యానెల్ పెట్టాక మూడు నెలలుగా 0.98 వస్తోంది. ముందు ఏడు యూనిట్లు పడిన పనికి ఇప్పుడు ఆరు పడుతున్నాయి.

మీకు ఇప్పటికే 0.97 పైన వస్తుంటే ఈ పని అవసరం లేదు. తెలుసుకోవాలనుకుంటే గత నెల బిల్లులోని కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్ అంకెలు రెండూ ఈ మెయిల్‌కు జవాబుగా పంపండి. మీ మిల్లులో ఎన్ని యూనిట్లు తగ్గవచ్చో లెక్కవేసి రాస్తాను.»

కింద పేరు, ఫోను నంబరు. అంతే. జత చేసిన ఫైళ్లు లేవు, లింకు కూడా లేదు.

ఇందులో కేస్ స్టడీ మూడు వాక్యాలు. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, దానివల్ల ఏం మారింది. మధ్యలో ఏం చేశారన్నది ‘ప్యానెల్ పెట్టాక’ అన్న రెండు మాటల్లో ముగిసింది. పని చేసినవాడికి మనసంతా ఆ మధ్య భాగం మీదే ఉంటుంది. అందులోనే అతడి కష్టం, నేర్పు ఉంటాయి. ఇంజనీరు గారికి ఆ రెండు మాటలు చూడగానే బాధ కలిగింది. నాకు అర్థమైంది. అయినా పరిచయం లేని మనిషి మొదట తన మిల్లును మా వాక్యాల్లో చూసుకోవాలి. మా నేర్పు గురించి అతడు తనంతట తాను అడిగినప్పుడు చెబితే శ్రద్ధగా వింటాడు.

0.97 మాట చాలామందికి వింతగా కనిపిస్తుంది. అమ్మడానికి రాస్తూ ‘మీకు అవసరం లేకపోవచ్చు’ అనడం ఏమిటని అడుగుతారు. ఇది వినయం కోసం పెట్టిన వాక్యం కాదు. 0.97 నుంచి 0.98కి వెళ్తే మిగిలేది ఒక్క శాతం. దానికోసం ప్యానెల్ కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. ఆ కొన్న మనిషి మరెవరికీ మా పేరు చెప్పడు. ఈ వాక్యం అలాంటివారిని పక్కకు తప్పిస్తుంది. మిగిలినవారి చేత బిల్లు తెరిపిస్తుంది. హద్దు చెప్పిన మాటకు విలువ పెరుగుతుంది కాబట్టి పైన ఉన్న 0.84, 0.98 కూడా మరింత నమ్మదగినవిగా కనిపిస్తాయి.

మొదట రాసుకున్న కోరిక వేరు. బిల్లు ఫొటో పంపమని అడుగుదామన్నారు. వద్దన్నాను. బిల్లులో సర్వీసు నంబరు ఉంటుంది, పాత బకాయి ఉంటే అదీ ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివారికి ఎవరు పంపుతారు? రెండు అంకెలు పంపడంలో ఇబ్బంది ఏమీ లేదు. మాకు కావలసింది కూడా ఆ రెండే. పవర్ ఫ్యాక్టర్ ఒక్కటే తెలిస్తే ఎంత వంతు తగ్గుతుందో చెప్పగలం గానీ ఎన్ని యూనిట్లో చెప్పలేం. ఈ రెండు అంకెలుంటే రెండూ చెప్పగలం.

ఉదాహరణగా చూపిన మిల్లు పేరు ఎందుకు రాయలేదని అడగవచ్చు. ఆ యజమానిని అడిగాం. పని బాగుందని చెప్పడానికి ఆయనకు అభ్యంతరం లేదు. తన బిల్లు అంకెలు పేరుతో సహా చుట్టుపక్కల మిల్లులన్నింటికీ చేరడం ఇష్టం లేదు. అది న్యాయమైన కోరిక. పైగా ఈ వ్యాపారంలో అందరూ అందరికీ తెలుసు. పేరు తీసేసినా మండలం పేరు, మిల్లు సామర్థ్యం రాస్తే ఎవరిదో పోల్చుకుంటారు. అందుకే ‘మన ప్రాంతంలోనే’ అన్నదగ్గర ఆగి, సామర్థ్యం కూడా వదిలేశాం. ఎవరైనా నిజంగా పని చేయించుకునే ఆలోచనతో అడిగితే ఫోనులో మాట్లాడతానని ఆయన ఒప్పుకున్నారు. ఈ ఒప్పుకోలు ముందే తీసుకోవాలి. ‘ఏ మిల్లు?’ అన్న ప్రశ్న వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే అనుమానంగా మారుతుంది.

ఉత్తరాన్ని పంపే ముందు ఫోనులో తెరిచి చూశాం. మిల్లు ఈమెయిల్ సాధారణంగా అకౌంటెంట్ ఫోనులోనో, యజమాని ఫోనులోనో తెరుచుకుంటుంది. మెయిల్ జాబితాలో విషయం మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి కాబట్టి ‘రైస్ మిల్లు బిల్లు’ ముందు పెట్టాం. ‘ఏడు యూనిట్ల చోట ఆరు’ అని మొదలుపెడితే చమత్కారంగా ఉంటుంది గానీ దేని గురించో తెలియదు. తెరిచాక వేలితో జరపకుండానే మూడు వాక్యాల కథంతా తెరమీద కనబడాలన్నది నేను పెట్టుకున్న కొలత. కనబడింది. పరిచయం లేని చోటు నుంచి పెద్ద ఫైళ్లతో వచ్చే మెయిల్‌ను స్పామ్‌లోకి తోసే అవకాశం ఎక్కువ. రెండు పేజీల కేస్ స్టడీని జత చేయకపోవడానికి అది ఒక కారణం. జత ఉంటే చదివినవాడు ‘తర్వాత తీరికగా చూద్దాం’ అని పక్కన పెట్టడం మరో కారణం.

పంపిన సమయం కూడా ఆలోచించి ఎంచుకున్నదే. వానాకాలం ధాన్యం లారీలు బారులు తీరి ఉన్నప్పుడు మిల్లు యజమానికి ఉత్తరం చదివే తీరిక ఉండదు. ఆ ఒత్తిడి కాస్త తగ్గి, సీజన్‌లోని పెద్ద బిల్లు చేతికి వచ్చిన వారంలో పంపాం. అందరికీ ఒకేసారి కాకుండా, కనెక్షన్ హెచ్‌టీ అని ముందుగా తెలుసుకున్న మిల్లులకే కొద్దికొద్దిగా పంపాం. తక్కువ వోల్టేజీ లైను, అంటే ఎల్‌టీ కనెక్షన్ ఉన్న చిన్న మిల్లుకు ఈ మెయిల్ వెళ్తే ‘మీది హెచ్‌టీ కనెక్షన్’ అన్న మొదటి మాటే తప్పవుతుంది.

చాలామంది జవాబు ఇవ్వలేదు. ఇలాంటి ఉత్తరాల్లో అది మామూలే. వచ్చిన జవాబులను నేను సంఖ్య కంటే వాటి తీరును బట్టి చూస్తాను. రెండు అంకెలు పంపారంటే కథ పనిచేసింది. ఆ మనిషి బిల్లు తెరిచాడు, తన మిల్లును పోల్చుకున్నాడు. ‘ఏ మిల్లు అది?’ అని అడిగినా పనిచేసినట్టే. నమ్మడానికి దగ్గరగా వచ్చినవాడే ఆ ప్రశ్న అడుగుతాడు. ‘ధర ఎంత?’ అని మాత్రమే వస్తే కథను దాటేసి చదివాడని అర్థం. అతడికి ధర చెప్పేలోపు ఆ రెండు అంకెలు అడగాలి. లేకపోతే ప్యానెల్ సైజే తెలియదు. పాత ఉత్తరానికి వచ్చిన కొద్ది జవాబులూ ధర గురించే. కొత్తదానికి అంకెలు వచ్చాయి. ఇద్దరి మధ్య మాట ఎక్కడ మొదలవుతుందన్నది దీంతో మారిపోయింది.

ఊహించని జవాబు ఒకటి మళ్లీ మళ్లీ వచ్చింది: ‘మాకు కెపాసిటర్లు ఉన్నాయి.’ మేము ఉదాహరణగా చూపిన మిల్లులో కూడా ఉన్నాయి. ఉండి పనిచేయకపోవడమే సమస్య. కెపాసిటర్ పాడైనా బయటికి మామూలుగానే కనిపించవచ్చు. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల కరెంటు చూసి, ఉండాల్సిన దానికంటే తగ్గిందేమో పోల్చితే తెలుస్తుంది. ఈ జవాబు చూడగానే ఇంజనీరు గారు మొదటి ఉత్తరంలో దీన్ని కలుపుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్రతి అభ్యంతరానికీ ముందే ఒక వాక్యం చేర్చుకుంటూ పోతే కొద్ది వారాల్లో మళ్లీ ఆ పాత నాలుగు పేరాల ఉత్తరం తయారవుతుంది. ఆ అభ్యంతరానికి విడిగా ఒక చిన్న జవాబు రాసి పెట్టుకున్నాం: ‘ఆ మిల్లులో కూడా ఉండేవి. పనిచేస్తున్నాయో లేదో మీ రెండు అంకెలే చెబుతాయి.’

అంకెలు పంపిన ఒక మిల్లు లెక్క చెబుతాను. 48,000 కేడబ్ల్యూహెచ్‌కు 52,750 కేవీఏహెచ్ పడ్డాయి. పవర్ ఫ్యాక్టర్ 0.91. దాన్ని 0.98కి తెస్తే దాదాపు 48,980 పడతాయి, అంటే నెలకు 3,770 యూనిట్లు మిగులుతాయి. ఇది ఏడో వంతు కాదు, దాదాపు పద్నాలుగో వంతు. మొదటి ఉత్తరంలో ఏడో వంతు చూసిన మనిషికి అందులో సగమే రాయాలి. రాశాం. ‘మీ పవర్ ఫ్యాక్టర్ ఇప్పటికే ఆ మిల్లుకంటే మెరుగ్గా ఉంది కాబట్టి మీకు తగ్గేది ఇంతే’ అని ఒక వాక్యంలో కారణం చెప్పాం. చిన్న కేస్ స్టడీలో ఉండే అసలు ప్రమాదం ఇదే. ఒక మిల్లు ఫలితం అందరికీ ఇచ్చిన మాటలా వినబడుతుంది. రెండో ఉత్తరంలో చదివేవారి సొంత అంకెలు పెడితేనే ఆ ప్రమాదం తప్పుతుంది.

ఆ రెండో ఉత్తరంలోనే రెండు పేజీల కేస్ స్టడీకి చోటు దొరికింది. అప్పటికి చదివేవాడికి తన లెక్క తెలుసు, ప్రశ్నలు ఉన్నాయి. రియాక్టర్లు ఎందుకు పెట్టారు, ఎక్కడ బిగించారు, మిల్లు ఎంతసేపు ఆపాల్సి వచ్చింది అన్నవన్నీ ఇప్పుడు అతడికి పనికొచ్చే వివరాలు. 40 శాతం తీసేసి సరైన లెక్కతో దాన్ని మళ్లీ రాశాం. డిమాండ్ చార్జీ సంగతి కూడా అందులోనే ఒక పేరాలో వివరించాం.

ఇదే ఉత్తరాన్ని వరంగల్, జమ్మికుంట వైపు ఉన్న జిన్నింగ్ మిల్లులకు కూడా పంపుదామన్న ఆలోచన వచ్చింది. పంపలేదు. పత్తి మిల్లు యజమాని బాయిల్డ్ రైస్ మిల్లులో తనను చూసుకోడు. పైగా జిన్నింగ్ అక్టోబరులో పత్తి రావడంతో మొదలై కొన్ని నెలలే జోరుగా సాగుతుంది. ఆ తర్వాత జిన్నులు ఆగిపోయినా డిమాండ్ చార్జీ మాత్రం పడుతూనే ఉంటుంది. అక్కడ నెల ఆదాను పన్నెండుతో గుణించడం కుదరదు. ఇంజనీరు గారు ఒక జిన్నింగ్ మిల్లులో ఈ మధ్యే ప్యానెల్ బిగించారు. మూడు వాక్యాలూ రాసి ఉంచాం. మొదటి వాక్యంలో ‘సీజన్‌లో’ అన్న మాట చేర్చాం. పవర్ ఫ్యాక్టర్ అంకెల దగ్గర మాత్రం ఖాళీలు ఉన్నాయి. ఆ మిల్లు వరుసగా మూడు సీజన్ బిల్లులు వచ్చాక వాటిని నింపుతాం.